బాత్‌రూమ్‌లో దొరికిన ముగింపు

2012 ఏప్రిల్. అమెరికా దర్శకుడు ఆండ్రూ జరెకీ, న్యూయార్క్ స్థిరాస్తి కుటుంబానికి చెందిన రాబర్ట్ డర్స్ట్‌ను రెండోసారి కెమెరా ముందు కూర్చోబెట్టాడు. డర్స్ట్ భార్య 1982లో కనిపించకుండా పోయింది. స్నేహితురాలు సూసన్ బెర్మన్ 2000లో లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురైంది. శవం ఉందని పోలీసులకు ఎవరో రాసిన ఉత్తరంలో బెవర్లీ స్పెల్లింగ్ తప్పు. అంతకుముందు డర్స్ట్ ఆమెకు రాసిన కవరు మీదా అదే తప్పు! రెండిటినీ పెద్దవి చేసి పక్కపక్కన చూపించి, నువ్వు రాయనిది ఏదని అడిగితే డర్స్ట్ చెప్పలేకపోయాడు. కానీ ఒప్పుకోనూ లేదు. ‘ది జింక్స్’ అనే ఆ ఆరు భాగాల డాక్యుమెంటరీకి ముగింపు అక్కడే ఆగిపోయి ఉండేది.

ఇంటర్వ్యూ అయ్యాక డర్స్ట్ బాత్‌రూమ్‌కి వెళ్లాడు. చొక్కాకున్న మైకు తీయలేదు, రికార్డింగ్ ఆగలేదు. తలుపేసుకుని తనలో తాను గొణుక్కున్నదంతా అందులో పడింది. అది ఎడిటింగ్ గదిలో ఒకరి చెవిన పడడానికి రెండేళ్లు పైగా పట్టింది.

అంత కాలం ఎలా మరుగున పడింది? మామూలుగా డాక్యుమెంటరీల్లో శబ్దాన్ని విడిగా రికార్డు చేస్తారు. ఎడిటింగ్ టేబుల్ మీద బొమ్మకు జత కుదిరిన శబ్దాన్నే ముందు సర్దుకుంటారు. కెమెరా ఆపేశాక మిగిలిన శబ్దానికి బొమ్మ ఉండదు. కుర్చీలు జరిపిన చప్పుడు, తలుపుల చప్పుడు తప్ప అందులో ఏముంటుందిలే అని దాన్ని పక్కన పెట్టేస్తారు. అందుకే ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసి, చివరి క్షణం దాకా వినే ఓపిక ఉన్న ఎడిటర్ ఉండాలి.

2015 మార్చిలో చివరి భాగం ప్రసారమైంది. ఖాళీ గది దృశ్యాల మీద డర్స్ట్ గొంతు: ‘నేనేం చేశాను? అందర్నీ చంపేశాను, ఇంకేముంది.’ దానికి ముందురోజే పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు.

నాలుగేళ్ల తర్వాత, 2019లో, కోర్టుకు చేరిన పూర్తి పాఠంలో ఒక సంగతి బయటపడింది. అసలు టేపులో ‘చంపేశాను’ అన్న మాట ముందు వచ్చింది. ‘నేనేం చేశాను’ అన్నది ఆ తర్వాత, మధ్యలో ఎన్నో పొంతన లేని మాటలయ్యాక వచ్చింది. ఎడిటింగ్‌లో వరస మార్చి, ప్రశ్నకు జవాబు చెప్పినట్టు పక్కపక్కన చేర్చారు. మాటలు అతనివే, కానీ ఆ సంభాషణ అతనిది కాదు.

2021లో జ్యూరీ బెర్మన్ హత్య కేసులో డర్స్ట్‌ను దోషిగా తేల్చింది. 2022 జనవరిలో అతను ఖైదీగానే చనిపోయాడు. అయినా నా లెక్కలో ఆ కత్తిరింపు తప్పే. ఉన్నది ఉన్నట్టు వినిపించినా చూసేవాళ్ల ఒళ్లు జలదరించేది. ముగింపు నిలబడేది, ఇన్నేళ్లు దాని నిజాయతీ మీద ప్రశ్న ఉండేది కాదు.