అడగని మాట: ఒక నాటక సన్నివేశాన్ని చదవడం ఎలా?

చెహోవ్ చివరి నాటకం ‘ది చెర్రీ ఆర్చర్డ్’ నాలుగో అంకంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. వార్యా అనే అమ్మాయి, లొపాహిన్ అనే వ్యాపారి, గదిలో ఇద్దరే ఉంటారు. ఆమె సామాన్లలో ఏదో వెతుకుతూ ఉంటుంది. ఏం వెతుకుతున్నారని అతను అడుగుతాడు. ఇకమీదట ఎక్కడికి వెళ్తారని అడుగుతాడు. ఆమె చెబుతుంది. తను ఎక్కడికి వెళ్తున్నాడో అతనూ చెబుతాడు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. బయటినుంచి ఎవరో పిలవగానే అతను వెళ్లిపోతాడు. ఆమె నేలమీద కూలబడి, బట్టల మూటమీద తల వాల్చి ఏడుస్తుంది.

ప్రయాణాలు, చలి గురించిన ఈ నాలుగు మాటలకు ఒక మనిషి ఎందుకు అంతలా ఏడవాలి? ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థికి ‘ఈ సన్నివేశంలోని సంభాషణను, సబ్‌టెక్స్ట్‌ను విశ్లేషించండి’ అని అసైన్‌మెంట్ ఇస్తే, ఆ వ్యాసం జవాబు చెప్పవలసింది ఈ ప్రశ్నకే. సబ్‌టెక్స్ట్ అంటే పాత్రలు పైకి అంటున్న మాటల కింద నడిచే అసలు వ్యవహారం. మన అలంకారికులు ధ్వని అన్నప్పుడు చూపించినదీ దీనికి దగ్గరి విషయమే.

ఇలాంటి వ్యాసాలు సాధారణంగా రెండు చోట్ల దెబ్బతింటాయి. కొందరు కథ చెప్పేసి ఊరుకుంటారు. ఇంకొందరు ‘లొపాహిన్‌కి వార్యా అంటే ప్రాణం, కానీ సిగ్గు’ అని పాత్ర మనసులోకి దూరి తీర్పు చెప్పేస్తారు. అలా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దానికి ఆధారం ఏ వాక్యంలో ఉందని అధ్యాపకుడు అడిగితే మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. సబ్‌టెక్స్ట్ కూడా కాగితం మీదే ఉంటుంది. అది దొరికే చోట్లు మూడు: సన్నివేశానికి ముందు ప్రేక్షకుడికి తెలిసిన విషయాలు, రచయిత ఇచ్చిన రంగసూచనలు, ఒక మాటకి ఇంకో మాట జవాబుగా వచ్చే తీరు.

మొదట, ముందు జరిగినదాన్ని చూద్దాం. వార్యా ఈ ఎస్టేటు యజమానురాలు రానెవ్‌స్కయా పెంపుడు కూతురు. ఇంటి తాళాల గుత్తి నడుముకి కట్టుకుని సంసారం నడిపింది ఆమే. లొపాహిన్ తాతతండ్రులు ఇదే ఎస్టేటులో బానిస రైతులు. రష్యాలో ఆ వ్యవస్థ 1861లో రద్దయింది. ఇప్పుడు అప్పుల్లో మునిగిన ఆ ఎస్టేటు వేలానికి వస్తే కొన్నది లొపాహినే. వీళ్లిద్దరికీ పెళ్లని చాలాకాలంగా అందరూ అనుకుంటున్నారు. రెండేళ్లుగా అందరూ ఆ మాటే అంటున్నారని, అతను మాత్రం మౌనంగా ఉంటాడని, లేకపోతే హాస్యమాడతాడని, తనంతట తను వెళ్లి అడగలేనని వార్యా మూడో అంకంలోనే తల్లి దగ్గర వాపోయింది.

ఇక సన్నివేశానికి సరిగ్గా ముందు రానెవ్‌స్కయా లొపాహిన్‌ని నిలదీస్తుంది. వార్యా నిన్ను ప్రేమిస్తోంది, నీకూ ఆమె నచ్చింది, మరెందుకు తప్పించుకు తిరుగుతున్నారని అడుగుతుంది. అతను వెంటనే ఒప్పుకుంటాడు, ఇప్పుడే తేల్చేద్దామంటాడు. మీరు దగ్గర లేకపోతే నేను అడగలేనేమో అని కూడా అంటాడు. పెళ్లి మాట కుదిరితే తాగుదామన్నట్టు షాంపేన్ వైపు చూస్తే గ్లాసులు అప్పటికే ఖాళీ. రైలుకి వేళవుతోంది. తలుపు వెనక అణచుకున్న నవ్వు, గుసగుసలు వినిపిస్తాయి. అప్పుడు వార్యా లోపలికి వస్తుంది.

అంటే ఆమెని ఎందుకు పంపారో ఆమెకి తెలుసు, అతనికి తెలుసు, తలుపు వెనకున్నవాళ్లకి తెలుసు, హాల్లో కూర్చున్న మనకీ తెలుసు. ఇంతమందికి తెలిసిన ఆ ఒక్క విషయం సన్నివేశం మొత్తంలో ఎవరి నోటా రాదు. చెహోవ్ ఈ ఏర్పాటంతా చేసిపెట్టాడు గనకే చలి గురించిన మాటకి కూడా బరువు వచ్చింది. ఈ ముందుకథ తీసేసి సన్నివేశాన్ని విడిగా చదివితే సబ్‌టెక్స్ట్ ఉండదు, ఉత్త కబుర్లే మిగులుతాయి. కాబట్టి వ్యాసంలో ముందుకథ రాయాలి. అయితే ఈ సన్నివేశంలో పనిచేస్తున్నంత మేరకే, ఒక పేరాలో.

రెండో పని, ఒక కాగితాన్ని మూడు నిలువు గళ్లుగా విడగొట్టడం. మొదటి గడిలో పాత్ర అన్న మాట. రెండో గడిలో ఆ సమయంలో చేతులు, కళ్లు ఏం చేస్తున్నాయో. మూడో గడిలో ఆ మాట అవతలివాళ్లకి ఏ జవాబుకి చోటిచ్చిందో, ఏ జవాబుకి దారి మూసిందో. ఈ మూడో గడి నింపడంలోనే అసలు చదవడం జరుగుతుంది.

వార్యా వెతుకులాటనే తీసుకోండి. తనే సర్దాను, ఎక్కడ పెట్టానో గుర్తులేదని అంటుంది. ఏ వస్తువో చివరిదాకా చెప్పదు. అది దొరికినట్టూ రచయిత రాయలేదు. ఇంటిని అంత పద్ధతిగా నడిపిన మనిషి తను సర్దినదే మర్చిపోవడం ఆమె అలవాటుకి విరుద్ధం. వెతకడం వల్ల ఆమెకి రెండు లాభాలు: గదిలో ఉండటానికి ఒక కారణం దొరికింది, అతని ముఖం చూడకుండా ఉండే వీలు దొరికింది. అతను ఏదైనా అడగడానికి కావలసినంత సమయం కూడా దొరికింది.

ఇక లొపాహిన్ ప్రశ్న. ఇప్పుడు మీరు ఎక్కడికి వెళ్తారని అడిగాడు. మూడో గడిలో ఏం రాయాలి? ఆమె వెళ్లిపోతుందని ఆ ప్రశ్న ముందే ఖాయం చేసేసింది. పెళ్లాడబోయేవాడు అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఫలానా వాళ్లింట్లో ఇంటి పెత్తనం చూడటానికి కుదుర్చుకున్నానని వార్యా నిజమే చెబుతుంది. ఉండమంటారేమోనన్న ఆశకి ఆ జవాబులోనూ చోటు లేదు. దానికి అతను ఆ ఊరు డెబ్బై వెర్‌స్తులు ఉంటుందని లెక్క కడతాడు. మన లెక్కలో సుమారు 75 కిలోమీటర్లు. పెళ్లి గురించి మాట్లాడవలసిన చోట దూరం గురించి మాట్లాడాడు.

తర్వాతి మాట చాలామంది విద్యార్థులు గమనించకుండా దాటేస్తారు. తను ఈ రైలుకే హార్కోవ్ వెళ్తున్నానని, ఇక్కడ చూసుకోవడానికి ఎపిహొదోవ్‌ని పనిలో పెట్టుకున్నానని లొపాహిన్ చెబుతాడు. ఎపిహొదోవ్ ఎవరు? చేపట్టిన పనల్లా చెడగొట్టే గుమాస్తా. వార్యాకి అతనంటే పడదు. మూడో అంకంలో కర్ర ఎత్తి అతన్ని వెళ్లగొట్టబోతే ఆ దెబ్బ పొరపాటున అప్పుడే లోపలికి వస్తున్న లొపాహిన్‌కి తగిలింది. అలాంటివాణ్ని, ఇన్నాళ్లూ వార్యా కనిపెట్టుకున్న చోట మనిషిగా పెట్టాడు. అతను కావాలని గాయపరచలేదేమో, పని విషయం చెప్పాననే అనుకున్నాడేమో. కానీ ఈ చోట ఇక నీ అవసరం లేదన్న కబురు ఆ మాటతో అందిపోయింది. వార్యా దీనికిచ్చే జవాబు సన్నివేశంలోకల్లా పొట్టిది, సరేలే అన్నంత. పొడుగ్గా మాట్లాడే పాత్ర ఒక్కసారిగా క్లుప్తమైపోయిన చోట ఆగి చూడాలి.

అక్కడినుంచి మాట వాతావరణం మీదికి మళ్లుతుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి అడగాల్సింది అడగలేక ‘ఇక్కడ ఉక్కపోత ఎక్కువండీ’ అన్నట్టే ఇదీ. నిరుడు ఈపాటికి మంచు కురిసింది, ఇప్పుడు ఎండగానే ఉంది గాని చలి, సున్నాకి మూడు డిగ్రీలు దిగువన ఉంటుందంటాడు. తను చూడలేదంటుంది వార్యా. విరామం. థర్మామీటరు కూడా పగిలిపోయిందని చేరుస్తుంది. మళ్లీ విరామం. మొదటి జవాబుతోనే విషయం అయిపోయింది. అయినా ఆమె ఇంకో వాక్యం చేర్చింది. అంటే సంభాషణ ఆగిపోకుండా ఇంకొక్క క్షణం నిలబెట్టింది. ఆ క్షణాన్ని కూడా అతను వాడుకోలేదు.

అప్పుడు బయటినుంచి పిలుపు వస్తుంది. ఆ పిలుపు కోసమే చాలాసేపటినుంచి ఎదురుచూస్తున్నవాడిలా జవాబిచ్చి, గబగబా వెళ్లిపోతాడని రంగసూచన. సన్నివేశం మొత్తంలో రచయిత లొపాహిన్ లోపలి స్థితిని ఇంత దగ్గరగా చూపించింది ఇక్కడే. వ్యాసానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

మూడో పని, గళ్లలో రాసుకున్నదాన్ని వాదనగా మలచడం. ‘వారి మధ్య చెప్పుకోని ప్రేమ ఉందని వాతావరణ ప్రస్తావన తెలుపుతోంది’ అని రాస్తే అది బలహీనమైన వాక్యం. ఎలా తెలుపుతోందో అందులో లేదు. దాన్నే ఇలా రాయవచ్చు: ‘లొపాహిన్ రెండో ప్రశ్నే వార్యా నిష్క్రమణను నిర్ణయమైపోయిన విషయంగా భావిస్తుంది. ఆ తర్వాత అతను ఎత్తుకునే దూరం, రైలు, కొత్త ఉద్యోగి అనే ప్రతి అంశమూ ఇద్దరినీ వేర్వేరు చోట్ల నిలబెడుతుంది. థర్మామీటరు గురించి అవసరం లేని వాక్యం చేర్చి వార్యా ఇచ్చిన చివరి అవకాశం కూడా మౌనంలో ముగుస్తుంది. అందువల్ల ఈ సన్నివేశంలో తిరస్కారం ఏ ఒక్క మాటలోనూ లేదు, అంశాలు వచ్చిన వరుసలో ఉంది.’ ఇందులో ప్రతి ముక్కకీ ఆధారం చూపించవచ్చు. ఎవరి మనసులోకీ దూరనక్కర్లేదు.

మరి అతను ఎందుకు అడగలేదు? బానిస రైతుల వంశంలో పుట్టిన వాడికి ఆ ఇంటి పిల్లను అడగడానికి నోరు రాలేదని కొందరంటారు. అతని మనసు అసలు రానెవ్‌స్కయా మీదే ఉందని కొందరు, డబ్బు పని తప్ప ఇంకేదీ పట్టనివాడని కొందరు అంటారు. మూడింటికీ నాటకంలో వేరే చోట్ల ఆధారాలున్నాయి, ఈ సన్నివేశం మాత్రం ఏ ఒక్కదాన్నీ తేల్చదు. మంచి వ్యాసం ఒకదాన్ని ఎంచుకుని, మిగతావాటికి చోటుందని ఒప్పుకుంటుంది. చెహోవ్ దీన్ని హాస్యనాటకం అన్నాడు. 1904లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన స్టానిస్లావ్‌స్కీ దీన్ని విషాదంగా చూశాడు. ఇదే సన్నివేశం ఆడే తీరును బట్టి నవ్వూ తెప్పించగలదు, ఏడుపూ తెప్పించగలదు. ‘ఈ సన్నివేశం విషాదమే’ అని కొట్టిపారేసినట్టు రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో జాగ్రత్త. మనలో చాలామంది ఈ నాటకాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదువుతాం. ఒక అనువాదంలో ఉన్న మాట ఇంకోదాంట్లో ఉండదు. కాబట్టి ఒక్క పదం మీద వాదనంతా నిలబెట్టకూడదు. ఎవరు ముందు మాట్లాడారు, ఎక్కడ విరామం వచ్చింది, ఏ అంశం తర్వాత ఏది వచ్చింది, చేతులు ఏం చేస్తున్నాయి అన్నవి ఏ అనువాదంలోనైనా దాదాపు చెక్కుచెదరవు. వాదనకి అవే పునాది కావాలి.

అతిగా చదివామో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు రాసిన వ్యాఖ్య తీసుకుని, ఆ మాట సన్నివేశంలో ఇంకోచోట వచ్చినా అదే వ్యాఖ్య సరిపోతుందేమో చూడండి. పగిలిన థర్మామీటరు ‘పగిలిన కుటుంబానికి చిహ్నం’ అని రాశారనుకోండి. అది సన్నివేశం మొదట్లో వచ్చినా, మొదటి అంకంలో వచ్చినా ఆ వ్యాఖ్య అలాగే అతుకుతుంది. అంటే మీరు ఈ సన్నివేశాన్ని చదవలేదు, వస్తువుకి ఒక అర్థం తగిలించారు. ‘జవాబు పూర్తయ్యాక, విరామం తర్వాత చేర్చిన అవసరం లేని వాక్యం’ అన్న వ్యాఖ్య మాత్రం అక్కడ తప్ప ఇంకెక్కడా నిలవదు. అలా ఒక్కచోటే నిలిచే వ్యాఖ్యలు నాలుగు దొరికితే పదిహేను వందల మాటల వ్యాసానికి సరిపోతాయి. మిగతావి కొట్టేయండి.