బట్టలు మారాలి, ఒళ్లు మారకూడదు

ఒక ఫొటో అనుకుందాం. నలభై ఏళ్లావిడ, కాస్త బొద్దు మనిషి. మోకాళ్ల కిందికి దిగిన కుర్తా, చుడీదార్ వేసుకుని, కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. గద్వాల చీర తనకెలా ఉంటుందో చూడాలని ఆవిడే అడిగింది. ఏఐ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బట్టలున్న మేరకు మాస్క్ పూసి, నూలు చీరకు పట్టు అంచు అని వర్ణన టైపు చేసి బటన్ నొక్కితే చీర వచ్చేస్తుంది. అంచు మెరుస్తుంది కూడా. కానీ నడుము సన్నబడిపోతుంది, మోచెయ్యి ఉన్నచోటు నుంచి జరుగుతుంది, భుజాలు ముఖానికి అతకవు. ముఖం ఆవిడదే, ఒళ్లు మాత్రం ఎవరో మోడల్‌ది.

ఇలా ఎందుకవుతుందంటే, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ మాస్క్ పూసిన చోట పాత బొమ్మ మీద మసక చల్లి, దాన్ని అంచెలంచెలుగా శుభ్రం చేస్తూ కొత్త బొమ్మ తేలుస్తుంది. ఎంత మసక చల్లాలో తెరమీద `Denoising strength` అనే మీట చెబుతుంది. దాన్ని 0.3 దగ్గర పెడితే కుర్తా రంగు, ఆకారం పోవు. చీర కట్టినట్టు కాదు, కుర్తా మీద చీర ప్రింటు వేసినట్టుంటుంది. 0.8, 0.9కి పెంచితే కుర్తా పూర్తిగా పోతుంది, దాంతోపాటు కుర్తా లోపల మనిషి ఎలా ఉందన్న సమాచారమూ పోతుంది. ఆ ఖాళీని మోడల్ తాను నేర్చుకున్న ఫొటోల్లోని ఒంటితో నింపుతుంది. చీర ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది సన్నటి మోడళ్లే కాబట్టి ఫలితమూ అటే జారుతుంది.

దీనికి దారి చూపింది కంట్రోల్‌నెట్. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ల్వ్‌మిన్ జాంగ్, అన్యి రావ్, మనీష్ అగ్రవాల 2023లో దీన్ని బయటపెట్టారు. మాటలతో చెప్పే వర్ణనకు తోడు ఒక బొమ్మను కూడా ఆదేశంగా ఇవ్వొచ్చు అన్నదే అందులోని సంగతి. ఆ బొమ్మ ఏదైనా కావచ్చు. మన పనికి పనికొచ్చేవి రెండు, పోజ్ గైడ్, డెప్త్ మ్యాప్.

పోజ్ గైడ్ కోసం సాఫ్ట్‌వేర్ మొదట ఫొటోలో కీళ్లను వెతుకుతుంది. ముక్కు, మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు, ఇలా 18 చుక్కలు పెట్టి వాటిని రంగురంగుల గీతలతో కలుపుతుంది. చెయ్యి నడుం మీద ఉన్న సంగతి ఆ గీతల్లో భద్రంగా ఉంటుంది. అయితే అందులో లావు, సన్నం ఉండవు. పొలంలో దిష్టిబొమ్మకు కట్టిన కర్రల్ని చూసి, దానికెంత గడ్డి కూరారో చెప్పలేం కదా! ఒకే ఎత్తు, ఒకే భుజాల వెడల్పు ఉన్న బక్కమనిషికీ బొద్దుమనిషికీ దాదాపు ఒకే గీతల బొమ్మ వస్తుంది. అందుకే పోజ్ గైడ్ ఒక్కటే వాడితే భంగిమ నిలుస్తుంది, ఒళ్లు నిలవదు.

ఆ గడ్డి సంగతి చెప్పేది డెప్త్ మ్యాప్. కెమెరాకు దగ్గరున్నది తెలుపు, దూరమున్నది నలుపు, మధ్యవన్నీ బూడిద రంగు ఛాయలు. పొట్ట ఎంత ముందుకొచ్చింది, చెయ్యి ఒంటికి ముందుందా వెనకుందా, తుంటి దగ్గర వెడల్పెంత అన్నవి అందులో దొరుకుతాయి. ఇవి మీటర్లలో కొలతలు కావు, ఒకదానితో ఒకటి పోల్చిన దూరాలు మాత్రమే. అందుకే ఫొటోలో మనిషికి ముందు ఓ టేబుల్, వెనక దూరంగా ఓ గోడ ఉంటే తెలుపంతా టేబుల్‌కి, నలుపంతా గోడకి పోతుంది. ఒళ్లంతా ఒకే బూడిద రంగు ముద్దగా మిగులుతుంది. ఫొటోను మనిషి మేరకు కత్తిరించుకుని మ్యాప్ తీస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

డెప్త్ మ్యాప్‌తోనే సరిపెట్టుకుందామంటే ఇంకో చిక్కు. దానికి ఒంటికీ బట్టకీ తేడా తెలియదు. మనావిడ కుర్తా కింద అంచు విచ్చుకుని ఉంది, దాని కింద రెండు కాళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ మ్యాప్‌ను గట్టిగా పట్టుకోమంటే మోడల్ చీరను మోకాళ్ల దాకా గౌనులా దించి, కింద చీర గుడ్డతో రెండు పంట్లాం కాళ్లు కుడుతుంది. కుచ్చిళ్లకు చోటే దొరకదు.

కాబట్టి రెండింటినీ కలిపి, వేర్వేరు పట్టుతో వాడాలి. బొమ్మ తేలేటప్పుడు మొదటి అంచెల్లో పెద్ద ఆకారాలు కుదురుకుంటాయి. మడతలు, అంచు, నేత చివర్లో వస్తాయి. ఒంటి పరిమాణం మొదట్లోనే కుదరాలి గనక డెప్త్ అప్పుడు ఉండి, తర్వాత తప్పుకోవాలి. నేనైతే డెప్త్‌కి `Control Weight` 0.5 దగ్గర, `Ending Control Step` 0.4 దగ్గర పెట్టి మొదలుపెడతాను. 30 అంచెల్లో మొదటి 12 వరకే అది మాట్లాడుతుందన్నమాట. పోజ్ గైడ్‌ను 0.9 బరువుతో చివరిదాకా ఉంచుతాను. ఇవి శాసనాలేం కావు, ఫొటోను బట్టి అటూ ఇటూ జరపాల్సినవే.

అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది, చాలామంది అది చెయ్యరు. డెప్త్ మ్యాప్ కూడా ఒక మామూలు నలుపు తెలుపు బొమ్మే. దాన్ని ఏ ఫొటో ఎడిటర్‌లోనైనా తెరిచి దిద్దొచ్చు. నడుం నుంచి పైభాగాన్ని ముట్టుకోకుండా వదిలేసి, కుర్తా కింది అంచును మెత్తటి బ్రష్‌తో చెరిపి, కాళ్ల మధ్య సందును పక్కనున్న బూడిద రంగుతోనే పూడ్చి, చీలమండల దాకా ఒకే నిలువు ఆకారంగా చెయ్యాలి. మాస్క్ కూడా అంతే. కుర్తా ఉన్నచోటు మాత్రమే కాదు, చీర రాబోయే చోటంతా, కాళ్ల మధ్య ఖాళీతో సహా పూయాలి. ముఖం, జుట్టు, వేళ్లు మాస్క్ బయటే ఉండాలి. కుర్తా చేతులు పొడుగై, జాకెట్టు చేతులు పొట్టివైతే, మధ్యలో కనిపించే చెయ్యి మాత్రం మోడల్ ఊహించి గీసిందే.

బటన్ నొక్కే ముందు గీతల బొమ్మను ఒకసారి చూడండి. చేతులు కట్టుకున్నా, వెనక్కి పెట్టుకున్నా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నా చుక్కలు తప్పుతాయి. ఒక మణికట్టు కనిపించకుండా పోవచ్చు, లేదా కుడి ఎడమలు తారుమారవచ్చు. మొదటి ఫొటోలోనే చీరో పంచో కట్టుకుని ఉంటే మోకాళ్ల చుక్కలు ఉజ్జాయింపే. ఆ తప్పును ఇక్కడే దిద్దాలి, బొమ్మ వచ్చాక ఎన్నిసార్లు మళ్లీ గీయించినా పోదు.

ఫలితం వచ్చాక దాన్ని పాత ఫొటో మీద పొరగా వేసి, పై పొరను ఆపుతూ చూపుతూ పోల్చాలి. భుజాల కొసలు, మోచేయి, తుంటి అంచు కదలకపోతే సరే. తుంటి దగ్గర ఒళ్లు లోపలికి గుంజుకుపోతే డెప్త్ బరువు 0.1 పెంచండి. చీరలో కుర్తా మడతలు కనిపిస్తే దాన్ని ఇంకాస్త ముందే ఆపండి. సెల్ఫీలైతే ఇంకోటి చూసుకోవాలి. చాలా ఫోన్లు ముందు కెమెరా ఫొటోను అద్దంలోలా తిప్పి దాస్తాయి. అలాంటిదాని మీద పమిటను ఎడమ భుజానికి వేయిస్తే, ఫొటోను సరిచేశాక అది కుడి భుజం మీద ఉంటుంది. ముందే తిప్పుకోవడం మేలు.

ఇంత చేసినా ఈ బొమ్మ చెప్పగలిగింది రంగూ, అంచూ ఆవిడకు నప్పుతాయా లేదా అన్నంతవరకే. జాకెట్టు ఒంటికి పడుతుందా, గంజి పెట్టిన నూలు కుచ్చిళ్లు ఎంత ఎత్తుగా నిలబడతాయి అన్నవి ఇందులో లేవు. కొలతలకు దర్జీ దగ్గరికే వెళ్లండి.