వార్తల్లో పదం: మెనోపాజ్

ముట్లుడగడం అని మన అమ్మమ్మలు అన్నదే ఇది. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. మన దేశంలో సగటున 46 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. ఎక్కువగా సతాయించేది మాత్రం దానికి ముందు కొన్నేళ్లు సాగే పెరిమెనోపాజ్. అప్పుడు ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడవుతుంది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం చిన్న తేడాకే కంగారుపడి ఆవిర్లు, చెమటలు పుట్టిస్తుంది.

రాత్రి రెండింటికి జాకెట్టు తడిసి లేచి కూర్చున్న ఆవిడ, పొద్దున పోపు మాడిందని కసురుకుంటుంది. ఇంట్లో వాళ్లకు ఆ కసురే కనిపిస్తుంది, పోయిన నిద్ర కనిపించదు. “ఎందుకంత కోపం?” అనేకంటే “రాత్రి నిద్రపట్టిందా?” అని అడిగితే మాట కదులుతుంది. “ఒళ్లంతా ఆవిర్లు, కోపం నీ మీద కాదు” అని ఆవిడా చెప్పగలుగుతుంది. నెలసరి బాధ తప్పిందని తేలికపడేవారున్నారు, ముసలిదాన్నైపోయానా అని కుమిలేవారూ ఉన్నారు. ఆవిడకు ఏమనిపిస్తోందో ఆవిడనే చెప్పనివ్వాలి.

నెలసరి ఏడాది పాటు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క మరకైనా సరే, డాక్టరుకు చూపించాలి. అది క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు.