నియాన్ వీధిలో మనిషిని పెడితే అతికించినట్టే ఉంటున్నాడా? అసలు తప్పు ఇక్కడుంది

మా తమ్ముడు ఒక ర్యాప్ పాట చేశాడు. కవర్ ఫొటోలో తాను టోక్యో కబుకిచో వీధిలో నిలబడి ఉండాలన్నాడు. అదేనండీ, పైన ఎర్రగా వెలిగే పెద్ద ఆర్చ్ ఉంటుంది కదా, ఆ వీధి. బ్యాక్‌గ్రౌండ్ ఫొటో దొరికింది. వాడి ఫొటో మా మేడ మీద సాయంత్రం నీడలో తీశాం. కట్ చేసి పెట్టి, మీద ఎర్ర రంగు బ్రష్ తిప్పాను. చూస్తే హోలీ ఆడి వచ్చినవాడిలా తయారయ్యాడు!

ఎందుకలా? బ్రష్‌తో పూసిన ఎరుపు అన్నిటి మీదా ఒకేలా పడుతుంది. కాంతి అలా పడదు. వస్తువుకున్న సొంత రంగు ఆ కాంతిలో ఎంత భాగాన్ని వెనక్కి పంపితే, మనకు అంతే కనిపిస్తుంది. అంటే ఇది గుణకారం.

ఒక లెక్క చూద్దాం. నియాన్ కాంతి R 230, G 40, B 90 అనుకుందాం. తెల్ల చొక్కా మూడింట్లోనూ 230. రెండు రంగుల్నీ గుణించి 255తో భాగిస్తే 207, 36, 81 వస్తుంది, అంటే ముదురు ఎరుపు. నీలం జీన్స్ 40, 60, 110 అయితే వచ్చేది 36, 9, 39. దాదాపు నలుపే! అదే లైట్ కింద చొక్కా మండిపోతుంటే ప్యాంటు చీకట్లో కలిసిపోవాలి. నా బ్రష్ మాత్రం రెండింటినీ ఎర్రగా చేసింది.

సరైన పద్ధతికి లేయర్లుండే ఏ ఎడిటరైనా చాలు. నేను బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఫొటోపీ వాడాను. కట్ చేసిన మనిషి లేయర్‌ని రెండు కాపీలు చేయండి. కింది కాపీ నియాన్ తగలని మనిషి. దాన్ని Curves తో చీకటి చేయండి. ఎంత అంటే, బ్యాక్‌గ్రౌండ్‌లో నీడలో నడుస్తున్నవాళ్ల బట్టలు ఎంత మసకగా ఉన్నాయో అంత.

పై కాపీని చీకటి చేయొద్దు. దానిమీద నియాన్ రంగు నింపిన లేయర్ పెట్టి, క్లిప్ చేసి, Multiply మోడ్‌లో ఉంచండి. మనం చేసిన లెక్క ఇదే. తర్వాత ఆ రెంటినీ Merge Down చేసి, వచ్చిన లేయర్‌ని Linear Dodge (Add) లో పెట్టండి. చీకటి మనిషి మీద నియాన్ వెలుగు కూడుతుంది. మరీ పేలిపోతే Screen కి మార్చండి. చివరగా ఆ లేయర్‌కి నల్ల మాస్క్ వేసి, కాంతి తగిలే చోట మాత్రమే మెత్తని తెల్ల బ్రష్‌తో బయటికి తీయండి.

రంగు ఎక్కడ తీసుకోవాలన్నది ముఖ్యం. నియాన్ ట్యూబ్ మధ్యలో ఐడ్రాపర్ పెట్టకండి. అక్కడ కెమెరా సెన్సార్ నిండిపోయి దాదాపు తెలుపే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కాంతి వలయంలోనో, పక్క గోడ మీదో తీసుకుంటే అసలు రంగు దొరుకుతుంది.

ఇక మాస్క్ ఎక్కడ తెరవాలి? నేను మొదట చేసిన రెండో తప్పు ఇదే, ముఖాన్ని ఎర్రగా చేశాను. ఆర్చ్ ఉన్నది తమ్ముడి వెనక, పైన. కాబట్టి దాని వెలుగు భుజాల పైభాగం మీద, చెవి అంచున, జుట్టు చివర్లలో సన్నని గీతలాగే పడాలి. ముఖం కెమెరా వైపు తిరిగి ఉంది కదా, దానిమీద పడేది కెమెరా వెనకున్న రోడ్డు వెలుగు. అనుమానమొస్తే బ్యాక్‌గ్రౌండ్‌లో అదే దిక్కుకి తిరిగి నిలబడ్డ మనిషిని జూమ్ చేసి చూడండి. జవాబు అక్కడే ఉంటుంది.

ఒక్క మినహాయింపు ఉంది. నల్ల జుట్టు మీద Multiply చేస్తే ఏమీ కనిపించదు, కానీ నిజంగా జుట్టు అంచు మెరుస్తుంది. మెరుపు అనేది ఉపరితలం మీద నుంచే తిరిగొచ్చే కాంతి, జుట్టు రంగుతో దానికి పనిలేదు. అందుకని జుట్టుకీ, కళ్లజోడు ఫ్రేమ్‌కీ వేరే లేయర్‌లో Linear Dodge (Add) పెట్టి, నియాన్ రంగుతో రెండు మూడు సన్నని గీతలు గీస్తే చాలు.

పని కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే నలుపుల్ని చూడండి. మెరుపు లేని నల్ల బట్ట ముడతల్లో ఎరుపు పొగలా కనిపిస్తే, ఎక్కడో రంగు పూశారని అర్థం. ఇంకో మాట: మిట్టమధ్యాహ్నం ఎండలోనో, ఫ్లాష్‌తోనో తీసిన ఫొటోకి ఈ పద్ధతి పనికిరాదు. ముక్కు కింద పడ్డ గట్టి నీడ ఎంత ఎడిట్ చేసినా పోదు, లైట్ ఎటు నుంచి వచ్చిందో చెప్పేస్తుంది. మేడ మీద నీడలో తీయడమే మా తమ్ముడి కవర్‌ని కాపాడింది.