మూడో సూది లేకుండా మెలిక

ఊలు స్వెట్టర్ మీద తాళ్లలా, జడల్లా ఉబ్బెత్తుగా కనిపించే అల్లికను నిట్టింగ్‌లో కేబుల్ అంటారు. కొత్తగా సూదులు పట్టినవాళ్లు దాన్ని చూసి అదేదో పెద్ద విద్య అనుకుని పక్కన పెట్టేస్తారు. నిజానికి అందులో జరిగేది ఒక్కటే. సూది మీద వరుసగా ఉన్న కుట్లలో కొన్నిటిని వాటి వంతు రాకముందే అల్లేస్తాం. ఎడమ సూది మీద నాలుగు కుట్లు ఉన్నాయనుకుందాం. ముందు మూడు, నాలుగు కుట్లు అల్లి, తర్వాత వెనక్కి వచ్చి ఒకటి, రెండు అల్లితే రెండు పాయలు ఒకదాన్నొకటి దాటుతాయి. అదే మెలిక. నాలుగు వరుసలకోసారి ఇలా దాటిస్తూ పోతే తాడు తయారవుతుంది. రెండు పక్కలా రెండేసి పర్ల్ కుట్లు వేస్తే అవి లోపలికి అణిగి, తాడు పైకి లేచి కనబడుతుంది.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్న దాన్ని బట్టే మెలిక వాలు తేలుతుంది. మొదటి రెండు కుట్లను మనవైపు, అంటే అల్లిక ముందు నిలబెట్టి మిగతా రెండూ అల్లామనుకోండి. ఆగి ఉన్న ఆ రెండూ చివరికి ఎడమ పక్కకు చేరతాయి. అవి ముందున్నాయి కాబట్టి కంటికి కనబడేది వాటి ప్రయాణమే. కింద కుడి నుంచి పైకి ఎడమకు గీత పోయినట్టుంటుంది. ఇది ఎడమకు వాలే మెలిక. అవే రెండు కుట్లను వెనక నిలబెడితే, వాటి మీదుగా మూడు, నాలుగు కుట్లు కుడికి వస్తాయి. ఇప్పుడు కనబడేది వీటి దారి. మెలిక కుడికి వాలుతుంది. ఇంగ్లిష్ ప్యాటర్న్‌లలో మొదటిదాన్ని సీ4ఎఫ్ అనీ, రెండోదాన్ని సీ4బీ అనీ రాస్తారు. ఎఫ్ అంటే ఆగిన కుట్లు ముందు, బీ అంటే వెనక. ఆ అక్షరాలు చెప్పేది కుట్లు ఎక్కడ ఆగాయో మాత్రమే, వాలు ఎటో కాదు. అందుకే నేను అక్షరాలను పట్టుకోను. పైన కనబడే పాయ కింది నుంచి పైకి ఎటు పోవాలో ముందు నిర్ణయించుకుంటాను. ఆ తర్వాత చేతులు ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది.

ఆగే కుట్లను పెట్టుకోవడానికి కేబుల్ సూది అని రెండు చివర్లా మొనలున్న చిన్న పుల్ల అమ్ముతారు. ప్రతి మెలిక దగ్గరా దాన్ని అందుకోవడం, కుట్లు ఎక్కించడం, దించడం, మళ్లీ చెవి మీదో ఒళ్లోనో పెట్టుకోవడం. వరుసలో నాలుగైదు మెలికలుంటే అల్లడం కంటే ఈ వెతుకులాటే ఎక్కువవుతుంది. నాలుగు కుట్ల మెలికకు అది అవసరం లేదు. రెండు సూదులూ, రెండు వేళ్లూ చాలు.

ఎడమకు వాలే మెలిక ఇలా వేస్తాం. నూలు అల్లిక వెనక ఉండాలి. కుడి సూదిని ఎడమ సూది వెనక నుంచి పోనిచ్చి, మొదటి రెండు కుట్లను వదిలేసి, మూడు, నాలుగు కుట్లలోకి కుడి నుంచి ఎడమకు దూర్చాలి. ఇప్పుడు ఆ రెండు కుట్లలో రెండు సూదులూ ఉంటాయి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో నాలుగు కుట్ల మొదళ్లనూ మెల్లగా నొక్కిపట్టి, ఎడమ సూదిని నాలుగింటిలోంచీ లాగేయాలి. మూడు, నాలుగు కుట్లు వెనక కుడి సూది మీద భద్రంగా ఉంటాయి. ఒకటి, రెండు కుట్లు ముందు గాలిలో తేలుతుంటాయి. ఎడమ సూదిని ముందు నుంచి తెచ్చి ఆ రెంటినీ ఎక్కించుకోవాలి. ఆ తర్వాత కుడి సూది మీది రెంటినీ ఎడమ సూదికి తిరిగి ఇచ్చేయాలి. వరుస ఇప్పుడు మూడు, నాలుగు, ఒకటి, రెండు అయింది. మామూలుగా నాలుగూ నిట్ అల్లేస్తే మెలిక పూర్తి.

కుడికి వాలే దానికి అంతా ఇదే, వైపు ఒక్కటే మారుతుంది. కుడి సూది ఎడమ సూదికి ముందు నుంచి వెళ్లి మూడు, నాలుగు కుట్లలో దూరుతుంది. సూది లాగేశాక ఒకటి, రెండు వెనక తేలుతాయి. వాటిని వెనక నుంచి ఎక్కించుకుంటాం.

కేబుల్ సూది అలవాటున్నవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘ముందు పెడితే ఎడమ’ అన్నది వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. ఆ ఊపులో కుడి సూదిని ముందుకు తెస్తారు, మెలిక కుడికి వాలిపోతుంది. సూత్రంలో తప్పు లేదు. ముందు ఉండాల్సినవి ఆగే కుట్లు. ఈ పద్ధతిలో మన చేయి కదిపే సూది పట్టుకునేది ఆగే కుట్లను కాదు, వాటిని దాటిపోయే కుట్లను. అందుకే సూది దారి తలకిందులవుతుంది. సూది వెనక నుంచి పోతే ఎడమ వాలు, ముందు నుంచి పోతే కుడి వాలు. సూది లాగే ముందు ఒక్క క్షణం ఆగి, గాలిలో తేలబోయే కుట్లు ఏ వైపున్నాయో చూసుకుంటే చాలు.

గాలిలో ఉన్న కుట్లు జారిపోవా అన్న భయం అందరికీ ఉంటుంది. లాగనంతవరకు కుట్టు తనంతట తాను కిందికి విడిపోదు. గరుకుగా ఉండే గొర్రె ఊలు అయితే పక్క పోగులను పట్టుకుని అలాగే నిలబడుతుంది. మన బజార్లలో ఎక్కువగా దొరికే నున్నటి యాక్రిలిక్ దారం, నూలు, పట్టు అంత మాట వినవు. అల్యూమినియం సూదుల మీద ఇంకా జారతాయి. వాటితో అల్లేటప్పుడు వెదురు సూదులు మంచివి. మెలిక వరుసకు ముందు వరుసను కాస్త వదులుగా అల్లితే దాటించడం సులువు. కుట్టును తిరిగి ఎక్కించేటప్పుడు ఒకటి గమనించాలి. కుట్టుకు రెండు కాళ్లుంటాయి, కుడి కాలు సూదికి ముందు వైపు ఉండాలి. ఎడమ కాలు ముందుకొచ్చిందంటే కుట్టు తిరగబడినట్టే. అలాగే అల్లితే ఆ కుట్టు అడుగున పీటముడి పడ్డట్టు బిగుసుకుని మిగతావాటి పక్కన కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అలాంటిదాన్ని వెనక కాలిలోంచి అల్లితే సరిపోతుంది.

వాలు ఎంచుకోవడం అసలు ఎక్కడ పనికొస్తుందో ఒక చిన్న ముక్క మీద చూద్దాం. ఐర్లండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న అరాన్ దీవుల పేరుతో ప్రసిద్ధమైన స్వెట్టర్లలో మధ్యన ఒక పెద్ద పట్టీ, దానికి అటూ ఇటూ అద్దంలో చూసినట్టు జత పట్టీలు ఉంటాయి. (ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదనీ, సముద్రంలో పోయినవాళ్లను దాన్నిబట్టే గుర్తుపట్టేవారనీ చెప్పే కథకు ఆధారం లేదు. 1904లో డబ్లిన్‌లో తొలిసారి ఆడిన జె.ఎం. సింజ్ నాటకం ‘రైడర్స్ టు ద సీ’లో చెల్లెలు అన్నను గుర్తుపట్టేది మేజోడును బట్టి, అదీ దానిలో జారవిడిచిన కుట్ల లెక్కను బట్టి.) అదే అమరికలో 22 కుట్లు వేద్దాం. రెండు పర్ల్, నాలుగు కుట్ల తాడు, రెండు పర్ల్, ఆరు కుట్ల జడ, రెండు పర్ల్, నాలుగు కుట్ల తాడు, రెండు పర్ల్.

తాళ్లు రెండూ పైకి పోతూ మధ్యకు వాలాలని మన కోరిక. మంచివైపు వరుసలో మనం ముందుగా చేరేది చూసేవాళ్లకు కుడి పక్కనున్న తాడు. అది మధ్యకు రావాలంటే ఎడమకు వాలాలి, కాబట్టి సూది వెనక నుంచి. చివర్లో వచ్చే తాడు కుడికి వాలాలి, కాబట్టి సూది ముందు నుంచి. రెంటినీ ఒకే రకంగా వేస్తే ఎవరూ తప్పు పట్టలేరు, కానీ స్వెట్టర్ మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. ప్యాటర్న్‌లో ‘ఎడమ ముందుభాగం’ అని ఉంటే అది తొడుక్కున్నవాళ్ల ఎడమ అని కూడా గుర్తుంచుకోవాలి. చూసేవాళ్లకు అది కుడి.

ఇక మధ్యనున్న మూడు పాయల జడ. ఇక్కడ రెండు వాలులూ కావాలి. మొదటి వరుసలో ఆరింటిలో కుడి నాలుగు కుట్లను కుడికి వాలేలా దాటించి, మిగతా రెండూ మామూలుగా అల్లాలి. మూడో వరుసలో ముందు రెండు కుట్లు మామూలుగా అల్లి, ఎడమ నాలుగింటిని ఎడమకు వాలేలా దాటించాలి. తాళ్ల మెలికలు మొదటి వరుసలోనే వేసేస్తాం, మూడో వరుసలో వాటిని ఊరికే నిట్ అల్లుతాం. రెండు, నాలుగు వరుసలు తిరగవైపు, ఎదురుగా కనబడ్డ కుట్టును కనబడ్డట్టే. ఈ నాలుగు వరుసలే మళ్లీ మళ్లీ. నాలుగైదుసార్లు తిరిగేసరికి వీపు మీద వేలాడే జడ ఎలా ఉంటుందో అలా పైనుంచి పాయలు మధ్యకు దిగుతూ కనబడతాయి. రెండు మెలికలనూ ఒకే వాలుకు వేశారనుకోండి, జడ రాదు. ఎడమకు పోయే ప్రతి పాయా పైనే, కుడికి పోయేది ఎప్పుడూ కిందే ఉంటుంది. ఏటవాలు చారలు తప్ప అల్లుకున్న లక్షణం ఉండదు.

మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే స్వెట్టర్లలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. తొడుక్కున్నప్పుడు అల్లిక తలకిందులవుతుంది కదా, మెలికల వాలు కూడా మారుతుందేమోనని చాలామంది అనుకుంటారు. ఒంటరి తాడుకు మారదు. కాగితం మీద ఒక ఏటవాలు గీత గీసి కాగితాన్ని తలకిందులు చేసి చూడండి, గీత అదే వాలులో ఉంటుంది. కానీ రెండు వాలులు కలిసి చేసిన ఆకారం మాత్రం తిరగబడుతుంది. జడ పాయలు పైకి ఎక్కుతున్నట్టవుతాయి. మధ్యకు చేరుతున్న జత తాళ్లు పైకి పోతూ దూరమవుతున్నట్టవుతాయి. అందుకని పైనుంచి అల్లేటప్పుడు జడలోనూ, జత తాళ్లలోనూ ముందు, వెనకలను అటూ ఇటూ మార్చుకోవాలి.

సూది లేని పద్ధతికి హద్దు ఉంది. మూడు మీద మూడు, అంటే ఆరు కుట్ల మెలిక వరకు ఊలుతో హాయిగా సాగుతుంది. నాలుగు మీద నాలుగుకు వెళ్తే గాలిలో నాలుగు కుట్లు తేలాలి, దూరం ఎక్కువ కావడంతో పోగు బిగుసుకుని వాటిని కిందికి లాగుతుంది. అక్కడ కేబుల్ సూది తీసుకోవడమే మంచిది. పట్టు మీద అయితే రెండు కుట్లకు కూడా నేను దాన్నే తీసుకుంటాను.

వాలు తప్పిందని పది వరుసల తర్వాత తెలిస్తే మొత్తం విప్పక్కర్లేదు. అల్లికను బల్ల మీద పరిచి, పైన కనబడే పాయ వెంట కింది నుంచి వేలు పోనివ్వండి. ఏ మెలిక దగ్గర వేలు అనుకోని పక్కకు తిరిగిందో అదే తప్పినది. ఆ తాడు తాలూకు నాలుగు కుట్లను మాత్రమే సూది మీంచి జారవిడిచి, ఆ మెలిక వరుస కూడా విడిపోయేదాకా నిచ్చెనలా దించాలి. మిగిలిన నాలుగు కుట్లను సన్నటి సూది మీదకు తీసుకుని, సరైన వాలుకు దాటించి, అడుగున వేలాడే పోగుతో మొదలుపెట్టి వరుసకొక పోగు చొప్పున నాలుగేసి కుట్లు నిట్ అల్లుకుంటూ పైకి రావాలి. మధ్యలో విడిపోయిన మిగతా మెలికలనూ వాటి వాటి వరుసల్లో మళ్లీ వేయాలి. అంచుల్లో కుట్లు కొంచెం వదులుగా కనబడతాయి. సూది మొనతో పక్కల్లోని పర్ల్ కుట్లలోకి ఆ వదులును సర్దేసి, ఒకసారి తడిపి ఆరబెడితే సమంగా కూర్చుంటాయి.