చాట్‌బాట్ పలకరింపులో ఏముండాలి?

చాట్‌బాట్ తెరవగానే కనిపించే మొదటి సందేశాన్ని బట్టే చాలామంది తమ మొదటి ప్రశ్న అడుగుతారు. వెబ్‌సైట్‌లోనైతే మెనూ చూడగానే ఏమేం ఉన్నాయో తెలిసిపోతుంది. చాట్‌లో టైపు చేసే పెట్టె తప్ప ఇంకేమీ కనిపించదు. కాబట్టి లోపల ఏముందో ఆ సందేశమే చెప్పాలి. అక్కడ "నమస్కారం! మీకు ఎలా సహాయపడగలను?" అని రాసి వదిలేస్తే వినడానికి మర్యాదగానే ఉంటుంది గానీ, ఏదైనా అడగొచ్చని మాట ఇచ్చినట్టవుతుంది.

ఒక కరెంటు సంస్థ వాట్సాప్ బాట్‌కు మూడే పనులు వచ్చనుకుందాం: సర్వీస్ నంబరు ఇస్తే బిల్లెంతో చెబుతుంది, కరెంటు పోతే ఫిర్యాదు రాసుకుంటుంది, పాత ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తుంది. పైన చెప్పిన పలకరింపు చూసినవాళ్లు "పోయిన నెల కంటే బిల్లు ఎందుకు ఎక్కువొచ్చింది?", "మా వీధికి కరెంటు ఎప్పుడొస్తుంది?", "కొత్త కనెక్షన్‌కి ఎంతవుతుంది?" అని అడుగుతారు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే, ఒక్కదానికీ ఆ బాట్ దగ్గర జవాబు లేదు. "అర్థం కాలేదు" అని రెండుసార్లు వచ్చేసరికి మనిషి విసిగి వెళ్లిపోతాడు. తప్పు అడిగినవాళ్లది కాదు, పలకరింపుది.

అదే బాట్ ఇలా మొదలుపెట్టవచ్చు: "ఇది కరెంటు బిల్లులు, ఫిర్యాదుల బాట్. మీ సర్వీస్ నంబరు పంపితే కట్టాల్సిన బిల్లు చెబుతుంది. కరెంటు పోతే ఫిర్యాదు తీసుకుంటుంది, ఇచ్చిన ఫిర్యాదు ఏమైందో చూపిస్తుంది. కొత్త కనెక్షన్ల గురించి సెక్షన్ ఆఫీసులో అడగండి. తీగ తెగిపడితే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయండి." ఇందులో పనుల పేర్లున్నాయి, అడిగేవాళ్లు ఏం చేతిలో పెట్టుకోవాలో ఉంది, చేయని పని కూడా ఒకటుంది. చేయనివన్నీ ఏకరువు పెడితే ఎవరూ చదవరు. జనం ఎక్కువగా అడిగి నిరాశపడేది ఏదో, అది ఒక్కటి చెబితే చాలు. ప్రాణాపాయం సంగతి మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే.

సందేశం కింద బటన్లు పెడితే ఇంకా తేలిక. వాట్సాప్‌లో ఒక సందేశానికి జవాబు బటన్లు 3కు మించి పెట్టలేం, ఒక్కోదానిపై 20 అక్షరాలకు మించి పట్టవు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్నా కూడా విడిగా లెక్కకొస్తాయి. "ఫిర్యాదు పరిస్థితి తెలుసుకోండి" 30 దాకా పోతుంది. "ఫిర్యాదు ఏమైంది" 15తో సరిపోతుంది. ఈ రెండోది ఇంకో విధంగానూ మంచిది. బటన్ నొక్కితే ఆ మాట వినియోగదారు పంపిన సందేశంగా చాట్‌లోకి వెళుతుంది కాబట్టి, అది అడిగేవాళ్ల నోటిమాటలా ఉండాలి.

ఉదాహరణ ఇస్తే జనం దాన్నే అనుకరిస్తారు. "కరెంటు పోయింది, కూకట్‌పల్లి" అని చూపితే, తామూ ఊరి పేరో పేట పేరో కలిపి రాస్తారు. అయితే చూపిన ఉదాహరణను ఉన్నదున్నట్టు టైపు చేస్తే జవాబు తప్పకుండా రావాలి. బాట్‌ను మార్చిన ప్రతిసారీ దీన్ని మళ్లీ పరీక్షించాలి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. `current poyindi` అన్నా అర్థమయ్యేటట్టయితే, ఆ సంగతీ ఉదాహరణతోనే చూపాలి.

సేవలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి ఇరుకవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో మొదలుపెట్టిన మన మిత్ర 161 సేవలతో వచ్చింది. వాట్సాప్ జాబితా సందేశంలో పట్టేవి 10 వరుసలే. అన్ని సేవలున్నచోట మొదటి సందేశం శాఖలవారీగా దారి చూపాలి తప్ప, అన్నిటినీ చెప్పాలని చూడకూడదు.

ఏ ప్రశ్నకైనా ధారాళంగా మాట్లాడగల కొత్తతరం బాట్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. కరెంటు ఎప్పుడొస్తుందని అడిగితే, లైన్ల సమాచారం చేతిలో లేకపోయినా అలాంటి బాట్ నమ్మకంగా ఒక సమయం చెప్పేయగలదు. పాత బాట్ "అర్థం కాలేదు" అన్నప్పుడు కనీసం దాని హద్దు తెలిసేది.

పలకరింపు పనిచేస్తోందో లేదో వినియోగదారుల మొదటి సందేశాలు చదివితే తెలుస్తుంది. మార్పుకు ముందువి కొన్ని వందలు, తర్వాతవి కొన్ని వందలు తీసుకుని మూడు కుప్పలుగా వేరుచేయాలి: జవాబు దొరికినవి, బాట్ పరిధిలోవే అయినా దానికి అర్థం కానివి, అసలు పరిధిలో లేనివి. మూడో కుప్ప తగ్గితే పలకరింపు ఫలించినట్టే. రెండోది పెద్దదిగా ఉంటే పలకరింపు ఎంత మార్చినా లాభం లేదు, బాట్‌కు భాష నేర్పాలి. ఉత్త "హాయ్"లే ఎక్కువగా కనిపిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో జనానికి తెలియలేదన్నమాట. ఏమీ టైపు చేయకుండా వెళ్లిపోయినవాళ్లను కూడా లెక్కపెట్టాలి. లేకపోతే భయపడి అడగడం మానేసినవాళ్లు కూడా విజయం కింద జమ అవుతారు.

నాలుగు సందేశాలు దాటేసరికి పలకరింపు తెర పైకి వెళ్లి కనబడకుండా పోతుంది. అందుకే జవాబు చెప్పలేని చోట బాట్ ఉత్త క్షమాపణతో ఆగకుండా, ఆ మూడు బటన్లనూ మళ్లీ చూపించాలి.