ముప్పై వేల జీతంలో చేతికొచ్చేదెంత?

పాలకొల్లు నుంచి హైదరాబాద్ వచ్చి, జూన్ 11న ఉద్యోగంలో చేరిన ఓ అమ్మాయి కథ ఇది. పేరు రమ్య అనుకుందాం. ఆఫర్ లెటర్లో సీటీసీ ఏడాదికి 3,60,000 అని ఉంది. నెలకు ముప్పై వేలని ఇంట్లో అందరికీ చెప్పేసింది. నెలాఖరున ఖాతాలో పడింది మాత్రం 17 వేల లోపే.

హాస్టల్ గదిలో ఉండే అక్క పేస్లిప్ తీసుకుని చూసింది. "ముందు ఇరవై రోజుల జీతమే కదే ఇది! పైగా కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 721 కూడా నీ ముప్పై వేలల్లోనే ఉన్నాయి. మళ్లీ నీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను. నెలంతా పనిచేసినా వచ్చేది 25,479." పీఎఫ్ ఎక్కడికీ పోదు, రమ్య పేరనే జమవుతుంది. కానీ హాస్టల్ ఫీజు దాంతో కట్టలేం కదా!

రెండో నెల పూర్తి జీతం వచ్చింది. రమ్య ఖర్చులన్నీ పుస్తకంలో రాసింది. అయినా ఇరవయ్యో తేదీకే ఖాతా ఖాళీ. రాయడం మంచిదే, కాకపోతే డబ్బు పోయాక రాసే లెక్క అది. పైగా స్కాన్ చేసి కట్టే టీ, పునుగులు, ఆటోల్లో సగం రాయడమే మరిచిపోయింది.

మూడో నెల అక్క చెప్పినట్టు చేసింది. జీతం పడిన రోజే హాస్టల్‌కు 8,000, ఇంటికి 6,000, ఆఫీసు రాకపోకలకు 2,200, ఫోన్‌కు 300, రికరింగ్ డిపాజిట్‌కు 2,000 తీసేసింది. పండగ ప్రయాణాలు, పెళ్లి చదివింపుల కోసం 1,500 పక్కన పెట్టింది. మొత్తం ఇరవై వేలు. మిగిలిన 5,479ని నెలకని వదిలేయలేదు. మరో బ్యాంకులో ఖాతా తెరిచి, ఫోన్లో యూపీఐని దానికే కలిపి, ప్రతి సోమవారం 1,200 చొప్పున అందులోకి పంపుకుంది. నెలంటే సరిగ్గా నాలుగు వారాలు కాదు. అందుకే ఆ చివరి రెండు మూడు రోజులకని 679 ఉంచుకుంది. చాలామంది చేబదులుకు చెయ్యి చాచేది ఆ రోజుల్లోనే.

మొదటి వారం గురువారానికే 1,200 అయిపోయాయి. చూస్తే మూడు రాత్రులు హాస్టల్ భోజనం మానేసి బయటి నుంచి తెప్పించుకుంది. హాస్టల్ తిండికి డబ్బు ముందే కట్టేసింది కాబట్టి ఒకే భోజనానికి రెండుసార్లు కట్టినట్టే. నెలాఖరున తెలిసి ఉంటే చేయగలిగిందేమీ లేదు. గురువారమే తెలిసింది కాబట్టి మూడు రోజులు సర్దుకుంటే సరిపోయింది.

ఈ పద్ధతి అన్నింటికీ చాలదు. హాస్టల్ మారితే కట్టాల్సిన అడ్వాన్సు, ఒక్కసారిగా వచ్చే ఆస్పత్రి బిల్లు ఆ 1,500లో ఇమడవు. వాటికోసం రమ్య రికరింగ్ డిపాజిట్ ఏడాది పాటు కదపకూడదనుకుంది. అప్పటికి 24 వేలు, ఆపైన వడ్డీ.